ధర పడితే తాకట్టు షేర్ల గతి

చేతిలో 10 లక్షల రూపాయల షేర్లున్నాయి. ఇంటి పనికి 5 లక్షలు కావాలి. షేర్లు అమ్మడానికి మనసొప్పని మనిషి వాటిని తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటాడు. షేర్లు అతని డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి, డివిడెండూ అతనికే వస్తుంది. అయితే అప్పు తీరేదాకా వాటిని అమ్ముకునే వీలు అతనికి లేదు. అప్పిచ్చిన సంస్థకు మాత్రం అవసరమైతే అమ్మే హక్కు ఉంటుంది.

పొలం తాకట్టు పెడితే దాని ధర ఎంతని రోజూ ఎవరూ అడగరు. షేర్ల విలువను మాత్రం సంస్థ రోజూ లెక్క కడుతుంది. 2014లో రిజర్వు బ్యాంకు పెద్ద ఫైనాన్స్ కంపెనీలకు పెట్టిన నిబంధన ప్రకారం, ఇలాంటి అప్పు షేర్ల విలువలో సగం దాటకూడదు. ధర పడి ఆ గీత దాటితే 7 పనిదినాల్లోగా లోటు పూడ్చాలి. ఆ కబురే మార్జిన్ కాల్.

ధర 20 శాతం పడిందనుకుందాం. షేర్ల విలువ 8 లక్షలు, దాని మీద అప్పు 4 లక్షలకు మించకూడదు. ఉన్నది 5 లక్షలు కాబట్టి లోటు లక్ష. ఆ లక్ష నగదుగా కట్టవచ్చు, లేదా మరో 2 లక్షల విలువైన షేర్లు తాకట్టు పెట్టవచ్చు.

రెండూ చేతకాకపోతే సంస్థే అమ్ముతుంది. చాలామందికి తెలియని సంగతి ఇక్కడే ఉంది: లక్ష లోటు పూడాలంటే లక్ష షేర్లు అమ్మితే చాలదు. అమ్మినకొద్దీ అప్పుతో పాటు తాకట్టూ తగ్గుతుంది. అందుకే 2 లక్షల షేర్లు, అంటే ఉన్నవాటిలో నాలుగో వంతు అమ్మాలి. అప్పుడు 6 లక్షల షేర్లు, 3 లక్షల అప్పు మిగులుతాయి. తర్వాత ధర మళ్లీ పాత స్థాయికి వచ్చినా అతని షేర్లు 7.5 లక్షలే; అప్పు పోను 4.5 లక్షలు. మొదట ఉన్నది 5 లక్షలు. వడ్డీ కలపకుండానే 50 వేలు పోయాయి.

ఇదే లెక్క హైదరాబాదులో పెద్ద ఎత్తున నడిచింది. 2008 డిసెంబరులో మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రతిపాదనతో సత్యం షేరు ఒక్కరోజే 30 శాతం దాకా పడింది. ప్రమోటర్లు తమ షేర్లను అప్పటికే తాకట్టు పెట్టి ఉన్నారు. ధర కూలగానే అప్పిచ్చినవాళ్లు వాటిని అమ్మేశారు, ఆ అమ్మకాలు ధరను ఇంకా కిందికి లాగాయి. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖలోనూ ఆ అమ్మకాల ప్రస్తావన ఉంది.

ఆ తాకట్టు సంగతి చిన్న మదుపరులకు ముందుగా తెలియలేదు. తెలియజేయాలన్న నియమం అప్పటికి లేదు. అదే జనవరిలో సెబీ ఆ వివరాల వెల్లడిని తప్పనిసరి చేసింది. ఇప్పుడు ప్రతి మూడు నెలలకూ కంపెనీలు ఎక్స్చేంజీలకు ఇచ్చే వాటాదారుల పట్టికలో ప్రమోటర్ల తాకట్టు శాతం కనిపిస్తుంది. ఒకవైపు ఆ శాతం పెరుగుతూ మరోవైపు ధర జారుతుంటే, ఒక్క రూపాయి అప్పు చేయని వాటాదారు షేర్లు కూడా ఆ మార్జిన్ కాల్ దెబ్బకు దొరికే దూరంలో ఉన్నట్టే.