తలుపు ధరలో షాపు అద్దె ఎంత?

ముగ్గురు పనిచేసే ఒక చిన్న వడ్రంగి షాపుకి టేకు తలుపు ఆర్డరు వచ్చిందనుకుందాం. గుమ్మం 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు. కొటేషన్ ఇవ్వాలి.

మొదట కర్ర లెక్క. గుమ్మానికి 5×3 అంగుళాల కర్ర 22 అడుగుల పొడవు పడుతుంది. 22ని 5తోనూ 3తోనూ గుణించి 144తో భాగిస్తే దాదాపు 2.3 సీఎఫ్టీ. తలుపుకి 2.7 వేసుకుంటే మొత్తం 5 సీఎఫ్టీ. ఇది పని పూర్తయ్యాక మిగిలే కర్ర. కోతలోనూ చిత్రికలోనూ పోయే తరుగు వేరే ఉంది. కొన్న కర్రలో 20 శాతం తరుగు పోతుందంటే చాలామంది 5కి 20 శాతం కలిపి 6 సీఎఫ్టీ తెస్తారు. కానీ 6లో 20 శాతం పోతే మిగిలేది 4.8 మాత్రమే. 5ని 0.8తో భాగించి 6.25 తేవాలి. సీఎఫ్టీ 4,000 రూపాయలనుకుంటే ఈ ఒక్క పొరపాటు విలువ వెయ్యి రూపాయలు. కర్రకి 25,000, బందులు, తాళం, జిగురు, పాలిష్‌లకి 4,000, మొత్తం సరుకు 29,000.

కూలి రోజుకి 900 అయినా, ఎనిమిది గంటల్లో బల్ల మీద పని సాగేది ఆరు గంటలే. కాబట్టి పనిగంట 150 పడుతుంది. ఈ తలుపుకి 40 గంటలు, అంటే 6,000. బల్ల దగ్గర యజమాని చేసే పనిని కూడా ఇదే రేటుతో ఇందులో కలపాలి.

ఇక అసలు చిక్కు. అద్దె 12,000, కరెంటు 4,000, యంత్రాల అరుగుదల 5,000, బ్లేళ్లు, సాన 2,000, పెట్రోలు 2,000, కొలతలకీ డిపోకీ తిరిగే యజమాని సమయానికి 5,000. నెలకి 30,000, ఏడాదికి 3,60,000. ఇవి ఏ ఒక్క తలుపువీ కావు, అయినా ఆ ఏడు చేసిన పనులన్నీ కలిసి వీటిని మోయాలి. దీన్నే ఓవర్‌హెడ్ అంటారు.

దీన్ని పనిగంటల మీద పంచడమే న్యాయమని నా అభిప్రాయం. ముగ్గురు, 300 రోజులు, ఆరేసి గంటలు, అంటే 5,400. కానీ ఆషాఢం లాంటి శూన్యమాసాల్లో గృహప్రవేశాలు ఉండవు, తలుపుల ఆర్డర్లూ తగ్గుతాయి. అందుకే 4,500 గంటలు తీసుకుంటే గంటకి 80 రూపాయలు. అలా కాక జీతమిచ్చే గంటలన్నీ, అంటే 7,200, తీసుకుంటే రేటు 50కి పడిపోతుంది. అప్పుడు గంటకి 30 చొప్పున ఏడాదికి 1,35,000 రూపాయలు ఏ బిల్లులోనూ రాకుండా పోతాయి.

మన షాపుల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి వేరు: సరుకు విలువ మీద పది శాతం వేసేయడం. ఈ తలుపుకి అలా 2,900 వస్తుంది, గంటల లెక్కన 3,200. తేడా తక్కువే కాబట్టి తప్పు బయటపడదు. అదే, కర్ర తానే తెచ్చిచ్చి నగిషీ తలుపు చేయమనే పార్టీ వస్తే చూడండి. పని 90 గంటలు, షాపు పెట్టే సరుకు 2,000. పది శాతం లెక్కన ఓవర్‌హెడ్ 200 రూపాయలు! నిజానికి ఆ పని షాపుని వాడుకున్నది 7,200 రూపాయల మేర. మరోపక్క 1,20,000 ప్లైవుడ్ సరుకుతో 60 గంటల్లో అయ్యే కిచెన్ మీద 12,000 పడుతుంది, పడాల్సింది 4,800. దాంతో కిచెన్ కొటేషన్ పక్క షాపుకన్నా ఎక్కువై ఆర్డరు పోతుంది, నగిషీ పనులు మాత్రం వరసకడతాయి. షాపు నిండా పనే, చేతిలో డబ్బు ఉండదు. ఈ లక్షణం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఈ పది శాతాన్నే.

మన తలుపుకి సరుకు, కూలి, ఓవర్‌హెడ్ కలిపి ఖర్చు 38,200. అమ్మకం ధరలో 15 శాతం లాభం కావాలంటే తరుగు లెక్కలాగే 0.85తో భాగించాలి: సుమారు 45,000. కొటేషన్‌లో పాలిష్ ఉందో లేదో, రవాణా, పన్ను ఎవరివో, ధర ఎన్ని రోజులు చెల్లుతుందో రాయాలి. కర్ర డబ్బు 25,000 అడ్వాన్సుగా తీసుకున్నాకే డిపోకి వెళ్లాలి.

నెలాఖరున పని చేసిన గంటల్ని 80తో గుణించి చూసుకోవాలి. 300 గంటలే జరిగితే రాబట్టింది 24,000, ఖర్చు 30,000. ఆ ఆరు వేలూ రాలేదని మరుసటి నెల రేటు పెంచితే ఉన్న ఆర్డర్లూ పోతాయి. రేటు ఏడాది సగటుది, మంచి నెలలు ఆ లోటు పూడుస్తాయి. బేరంలో ఎంతవరకు దిగొచ్చన్నదీ ఇక్కడే తేలుతుంది. ఖాళీ నెలలో 35,000 దాటి ఎంతొచ్చినా అద్దెకి కొంత సాయమే, ఎందుకంటే అద్దె ఎలాగూ కట్టాలి. ముహూర్తాల నెలలో మాత్రం ఆ ధరకి ఒప్పుకుంటే, నిండు ధర ఇచ్చే ఇంకో తలుపు గంటల్ని అది తినేస్తుంది.