దూడను చంపింది ఎవరు?

2024 అక్టోబరులో హైదరాబాద్ మియాపూర్ మెట్రో స్టేషన్ దగ్గర తీసిన ఒక వీడియో ఆ రాత్రికే ఫోన్లన్నీ చుట్టేసింది. చిరుత తిరుగుతోందన్నారు. అటవీ సిబ్బంది వెళ్లి చూసి, అది అడవిపిల్లి అని తేల్చారు. అదే నగరం అంచున, రాజేంద్రనగర్ వైపు, 2020లో కనిపించింది మాత్రం నిజంగా చిరుతే. మే నెలలో కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద కనిపించి పక్కనున్న ఫామ్‌హౌస్‌లోకి జారుకుంది. అక్టోబరులో ఆ చుట్టుపక్కలే లేగదూడలు చనిపోయాక ఒక చిరుత బోనులో పడింది. జనం భయపడ్డ తీరు రెండుసార్లూ ఒకటే. కాబట్టి భయాన్ని బట్టి జంతువును తేల్చలేం. జంతువు తేలలేదని భయాన్ని కొట్టిపారేయనూ లేం. పొలాల దగ్గర చిరుత వార్త రాసేవారికి అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

మన పత్రికల్లో ఈ వార్తకు ఒక అచ్చు ఉంది. పైన ‘చిరుత కలకలం, భయాందోళనలో గ్రామస్థులు’ అని శీర్షిక, కింద ‘ఆధారాలు లభించలేదని అధికారులు తెలిపారు’ అని ఒక వాక్యం. ఇద్దరి మాటా వేశాం కదా అని డెస్క్ తృప్తిపడుతుంది. చదివినవారికి మాత్రం రాత్రి పొలానికి వెళ్లవచ్చో కూడదో తెలియదు.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. పాలమూరు గుట్టల పక్క ఊరు. మామిడితోటలో కట్టేసిన దూడ తెల్లారేసరికి చచ్చి పడి ఉంది. “చిరుతనే అన్నా, పెద్దది, నేను చూసిన” అంటాడు రైతు. మధ్యాహ్నానికి వచ్చిన బీట్ ఆఫీసర్ “ఊరకుక్కల పని సార్, చుట్టూ కుక్కల అడుగులే” అంటాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు.

ముందు రైతుతో మాట్లాడాలి. “చిరుతను చూశావా?” అని అడిగితే “చూశాను” అనే అంటాడు. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఎక్కడ నిలబడి చూశాడు, వెలుతురు ఎంత, గట్టు పక్కన నడిచినప్పుడు దాని వీపు గట్టుకు ఎంత ఎత్తున కనిపించింది, తోక ఎలా ఉంది అని అడగాలి. చిరుత తోక బాగా పొడవుగా ఉంటుంది. అడవిపిల్లి తోక పొట్టిది, వెనక కాలి మడమ దాకా వస్తుందేమో. ఒంటి మీద చిరుతకున్నట్టు మచ్చలూ ఉండవు. వీడియో ఉంటే ఇంకా మంచిది. అది తీసిన చోటే ఫోన్ పట్టుకుని, జంతువు నడిచిన దారిలో ఒక మనిషిని నిలబెట్టి మళ్లీ తీస్తే ఎత్తు తెలిసిపోతుంది. దగ్గర నుంచి తీసిన పిల్లి, పోల్చుకోవడానికి పక్కన ఏమీ లేకపోతే, తెర మీద పులంత కనిపిస్తుంది.

తర్వాత నేల చూడాలి. పిల్లిజాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. అందుకే చిరుత అడుగులో గోళ్ల గుర్తులు సాధారణంగా కనిపించవు. కుక్క అడుగులోనూ, దుమ్ములగొండి అడుగులోనూ కనిపిస్తాయి. చిరుత అరికాలి వెనక అంచు మూడు మడతలుగా ఉంటుంది. ముందు పాదం వెడల్పు సుమారు 7 నుంచి 9 సెంటీమీటర్లు. అడవిపిల్లిది అందులో సగం చిల్లర. ఫొటో తీసేటప్పుడు పక్కన పెన్నో స్కేలో పెట్టకపోతే ఆ ఫొటో ఎందుకూ పనికిరాదు. ఇక్కడ ఒక చిక్కుంది. నీళ్లు పెట్టిన మడిలో అడుగు పరుచుకుని, ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. గట్టి మొరం నేల మీద అసలు పడదు. ఊరంతా వచ్చి తొక్కాక మిగిలేదేముంది! అందుకే, అధికారి “అడుగులు దొరకలేదు” అంటే ఎలాంటి నేల మీద, ఎన్ని గంటలకు వెతికారో అడిగి రాయాలి.

అసలు సాక్ష్యం దూడ ఒంటి మీదే ఉంది. చిరుత సాధారణంగా గొంతు పట్టి ఊపిరాడకుండా చంపుతుంది. అక్కడ కోరపళ్ల లోతైన గాట్లు ఉంటాయి. కుక్కల గుంపు తొడలు, డొక్కలు, తోక దగ్గర చాలాచోట్ల చీలుస్తుంది. అయితే చిరుత వదిలి వెళ్లిన కళేబరాన్ని తెల్లవారుజామున కుక్కలు వచ్చి పీకవచ్చు. అప్పుడు చుట్టూ ఉండేవి కుక్కల అడుగులే. పశువైద్యుడు చర్మం తీసి చూస్తే తేడా తెలుస్తుంది. బతికుండగా పడిన కాటు కింద రక్తం గడ్డకట్టి కమిలి ఉంటుంది, చచ్చాక పడిన కాటు కింద అలా ఉండదు. మన ఉదాహరణలో గొంతు దగ్గర కమిలిన గాట్లు, డొక్కలో కమలని చీలికలు కనిపించాయనుకుందాం. రైతు మాటా నిజమే, బీట్ ఆఫీసర్ చూసిందీ నిజమే. ఆయన చేరిన నిర్ణయం ఒక్కటే తప్పు. కానీ ఇదంతా తేలాలంటే కళేబరాన్ని కదల్చకూడదు. నష్టపరిహారానికీ పంచనామా, పశువైద్యుడి ధ్రువీకరణ కావాలి కాబట్టి ఈ ఒక్క సంగతి వార్తలో ఉంటే రైతుకు నేరుగా పనికొస్తుంది.

ఇక ఊరు అడిగేది బోను. “ఇంకా బోను పెట్టలేదు” అన్న ఫిర్యాదు ప్రతి వార్తలోనూ ఉంటుంది, ఎందుకు పెట్టలేదో మాత్రం ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చిరుత మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని పట్టుకోవాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ఉండాలి. రేంజర్ తనంతట తాను చేయలేడు. కంటపడినంత మాత్రాన పట్టవద్దని 2011లో కేంద్ర పర్యావరణ శాఖ మార్గదర్శకాలూ ఇచ్చింది. దాని వెనక పుణె జిల్లా జున్నర్ అనుభవం ఉంది. అక్కడ చెరకు తోటల్లో పట్టిన చిరుతలను 2001 నుంచి వేరే అడవుల్లో వదిలారు. విద్యా ఆత్రేయ బృందం లెక్క తీస్తే, అంతకుముందు మనుషుల మీద ఏటా సగటున 4గా ఉన్న దాడులు తర్వాత 17కు చేరాయి. తెలియని చోట వదిలిన చిరుత అక్కడ కుదురుకోదు, పాత చోటికి తిరిగి రావాలని చూస్తుంది. ఖాళీ అయిన చోటికి మరొకటి వస్తుంది.

దీన్నిబట్టి శాఖ చెప్పిందల్లా రాసుకోవాలని కాదు. “ట్రాప్ కెమెరాలు పెట్టాం, ఏమీ పడలేదు” అన్నప్పుడు ఎన్ని కెమెరాలు, ఎన్ని రాత్రులు, ఎక్కడ అని అడగాలి. రెండు కెమెరాలు రెండు రాత్రులు పెట్టి చిరుత లేదనడం తొందరపాటే. పడితే దారికి రెండు వైపులా తీశారా అని అడగాలి. ఒక్కో చిరుత మచ్చలు ఒక్కో తీరు, అదే చిరుతలో కుడివైపు మచ్చలు ఎడమవైపు ఉండవు. “మూడు చిరుతలు తిరుగుతున్నాయి” అన్న పుకారును తేల్చేది ఈ పోలికే. మూడు ఊళ్లలో కనిపించింది ఒకే చిరుత కావడం మామూలే.

భయాన్ని కూడా ఇలాగే వివరంగా రాయాలి. ‘బెంబేలెత్తుతున్నారు’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. నీళ్లు మళ్లించడానికి రాత్రి వెళ్లేవారు ఎందరు మానుకున్నారు, ఏ పంట ఎండుతోంది, తోటలో కావలి పడుకునే ముసలాయన ఇప్పుడెక్కడ పడుకుంటున్నాడు, బడి పిల్లలు ఏ దారిన పోతున్నారు అన్నవి వెళ్లి చూసి రాయగల సంగతులు. రేపు అది అడవిపిల్లి అని తేలినా ఇవి అబద్ధం కావు. కరెంటు వేళలు మార్చమని రైతులు అడిగితే జవాబు చెప్పాల్సింది అటవీ శాఖ కాదు, విద్యుత్ సంస్థ. ఆ ఫోన్ కూడా విలేకరే చేయాలి.

అప్పుడు వార్త ఇలా మొదలవుతుంది: ‘మామిడితోటలో చనిపోయిన దూడ గొంతుపై చిరుత కాట్లున్నట్టు పశువైద్యుడు నిర్ధారించారు. మనుషులపై దాడి జరగలేదు. తోటలో నాలుగు కెమెరాలు పెట్టామని, బోనుకు ఇంకా అనుమతి కోరలేదని రేంజర్ చెప్పారు. రాత్రి నీళ్లు పెట్టడం మానేశామని, పగటి కరెంటు ఇవ్వాలని రైతులు కోరుతున్నారు.’ దాని కింద రేంజ్ కార్యాలయం ఫోన్ నంబరు. పది రోజుల తర్వాత రెండో వార్త రావాలి: కెమెరాలో ఏం పడింది, పరిహారం దరఖాస్తు ఎవరి బల్ల మీద ఉంది, పగటి కరెంటు వచ్చిందా. పరిహారం ఆలస్యమైన ఊళ్లలో మిగిలిన కళేబరం మీద పురుగుమందు చల్లే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఈ రెండో వార్తను డెస్క్ లోపలి పేజీకి నెట్టకుండా చూసుకోవాలి.