లంచం ఇచ్చింది ఏజెంటు, ఆర్డరు పోయింది ఫ్యాక్టరీకి

తయారీ కాంట్రాక్టులో ధర, నాణ్యత, గడువుల తర్వాత ఎక్కడో వెనక పేజీల్లో రెండు షరతులుంటాయి. ఒకటి లంచాల నిషేధం. రెండోది సరఫరాదారు ప్రవర్తనా నియమావళి: బాలకార్మికులు ఉండకూడదు, ఓవర్‌టైమ్ హద్దు దాటకూడదు, అనుమతి లేకుండా పనిని వేరే యూనిట్‌కు అప్పగించకూడదు. సంతకం పెట్టే రోజున వీటిని శ్రద్ధగా చదివేవాళ్లు తక్కువే.

కొనుగోలుదారు పట్టుబట్టడానికి కారణం చట్టమే. సంస్థ తరఫున పనిచేసేవారు దాని వ్యాపారం కోసం లంచమిస్తే, బ్రిటన్ 2010 లంచాల చట్టం ప్రకారం సంస్థ మీదే కేసు పడుతుంది. తగిన జాగ్రత్తలు తీసుకున్నామని రుజువు చేసుకుంటేనే బయటపడుతుంది. మన అవినీతి నిరోధక చట్టంలోకీ 2018 సవరణతో ఇలాంటి నిబంధనే వచ్చింది.

ఒక ఫ్యాక్టరీ విదేశీ కంపెనీకి ప్లాస్టిక్ విడిభాగాలు చేస్తోందనుకుందాం. సరుకు త్వరగా కదలాలని దాని క్లియరింగ్ ఏజెంటు ఒక అధికారికి 20,000 రూపాయలిచ్చి, 'ఇతర ఖర్చులు' అని బిల్లులో రాశాడు. యజమానికి తెలియకపోవచ్చు. కానీ షరతులో సాధారణంగా 'ఏజెంట్లు, సబ్‌కాంట్రాక్టర్లతో సహా' అని ఉంటుంది. లెక్కలు తనిఖీ చేసే హక్కు కొనుగోలుదారుకు ఉంటే, రసీదు లేని ఆ గుండుసున్నాల అంకె దగ్గరే ఆడిటర్ ఆగుతాడు.

ఇచ్చిన లంచాన్ని వెనక్కి తీసుకున్నా తప్పు చెరగదు. అందుకే ఇక్కడ దిద్దుకునే గడువు ఉండదు. నోటీసుతోనే కాంట్రాక్టు రద్దు చేయవచ్చు. ఇంకా చేయని సరుకుకు ఆర్డరు రద్దవుతుంది, కొనుగోలుదారు సొంత మౌల్డులు తిరిగి ఇచ్చేయాలి. దర్యాప్తు ఖర్చులనూ, వేరేచోట ఎక్కువ ధరకు కొన్న తేడానూ ఫ్యాక్టరీ భరించాలని కాంట్రాక్టులో రాసుకోవచ్చు. అధికారి బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసినవారికి మన చట్టం రక్షణ ఇస్తుంది. అయితే ఆ రక్షణ శిక్ష నుంచే. కాంట్రాక్టులో అలాంటి మినహాయింపు విడిగా రాసుకోకపోతే ఆర్డరు నిలవదు.

నియమావళి ఉల్లంఘనల్లో నడక వేరు. ఓవర్‌టైమ్ ఎక్కువైందనో, మంటలార్పే సిలిండర్ల గడువు తీరిందనో తేలితే, ముందు దిద్దుబాటు ప్రణాళిక అడుగుతారు. ఈలోపు కొత్త ఆర్డర్లు ఆపుతారు. గడువులోగా సరిచేయకపోతేనే రద్దు. బాలకార్మికులు, రహస్య సబ్‌కాంట్రాక్టు వంటివాటికి చాలా కాంట్రాక్టులు ఆ గడువూ ఇవ్వవు. బంగ్లాదేశ్‌లో 2012 నవంబరులో తజ్రీన్ ఫ్యాషన్స్ అగ్నిప్రమాదంలో వందమందికి పైగా చనిపోయాక, అనుమతి లేకుండా పనిని అక్కడికి పంపిందంటూ వాల్‌మార్ట్ తన సరఫరాదారుతో సంబంధం తెంచుకుంది.

కొనుగోలుదారుకూ హద్దులున్నాయి. కాంట్రాక్టులో మరోలా లేకుంటే, తీసుకుని వాడుకున్న సరుకుకు డబ్బు ఎగ్గొట్టడం కుదరదు. పెద్ద జరిమానా రాసుకున్నా, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఆ మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. ఇక విషయం తెలిశాక కూడా నెలల తరబడి సరుకు తీసుకుంటూ పోతే, ఉల్లంఘనను మీరే మన్నించారు కదా అని ఫ్యాక్టరీ వాదించవచ్చు. అందుకే జాగ్రత్తగల కొనుగోలుదారులు, సరుకు తీసుకుంటూనే, తమ హక్కులు వదులుకోలేదని వెంటనే రాతపూర్వకంగా తెలియజేస్తారు.