క్లయింటుకు రాసే ఈమెయిల్లో ‘షుడ్’ ఎక్కడ చిక్కు తెస్తుంది?

ఫోన్లో బేరం కుదిరాక ‘మనం అనుకున్నవి ఇవీ’ అని క్లయింటుకు పంపే ఈమెయిల్‌ను చాలామంది మర్యాదకోసం రాసే ఉత్తరంగానే చూస్తారు. చట్టం అలా చూడదు. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఈ సంగతే. బాక్సైట్ సరఫరా షరతులు ఈమెయిళ్లలోనే ఖాయమయ్యాయి, లాంఛనంగా సంతకాల పత్రం మాత్రం తయారు కాలేదు. ముఖ్యమైన షరతులన్నీ కుదిరాక, ఆ పత్రం లేనంత మాత్రాన ఒప్పందమే లేదనడం కుదరదని కోర్టు చెప్పింది. అంటే ఆ ఉత్తరంలో మనం వాడిన క్రియ రేపు మన పక్షాన గానీ, మన మీద గానీ సాక్ష్యం చెబుతుంది.

వెబ్‌సైట్లు చేసిచ్చే ఓ చిన్న సంస్థ క్లయింటుకు ఇలా రాసిందనుకుందాం: ‘యూ షుడ్ సెండ్ ద ఫొటోస్ బై జూన్ 5. ద సైట్ షుడ్ బి రెడీ బై జూన్ 25. పేమెంట్ షుడ్ బి మేడ్ వితిన్ 15 డేస్.’ మూడు వాక్యాల్లోనూ షుడ్ ఉంది గానీ మూడుచోట్లా అర్థం ఒకటి కాదు. మొదటిది పంపితే బాగుంటుందన్న సలహాలా వినబడుతుంది. రెండోది బహుశా అప్పటికి అయిపోతుందన్న అంచనా. మూడోదాంట్లో ఎవరు కట్టాలో లేదు, పదిహేను రోజులు ఎప్పటినుంచి లెక్కో లేదు.

ఆ క్లయింటు ఫొటోలు 12న పంపితే సైటు జులై 2కు గానీ సిద్ధం కాదు. ఆలస్యం మీదేనని ఆయన అంటే, ఫొటోలకు 5వ తేదీ గడువు అని గట్టిగా చెప్పిన వాక్యం మన దగ్గర లేదు. డబ్బు అడిగితే, సైటు నచ్చాక పదిహేను రోజులని తాను అనుకున్నానంటాడు.

మనవాళ్ల చేతికి షుడ్ ఇంత సులువుగా రావడానికి కారణం తెలుగులోనే ఉంది. ‘రోజూ కాసేపు నడవాలి’ అన్నా, ‘నెలాఖరుకు అద్దె కట్టాలి’ అన్నా మనకు ‘ఆలి’ ఒకటే సరిపోతుంది. ఏది సలహా, ఏది బాధ్యత అన్నది సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో మొదటిది షుడ్, రెండోది మస్ట్. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లయితే 1997లోనే ఆర్‌ఎఫ్‌సి 2119 అనే పత్రంలో ఈ గీత గీసేశారు: మస్ట్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే సరైన కారణముంటే మానుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ క్లయింటు అయితే మీ షుడ్‌ను ఇలాగే చదివే అవకాశం ఎక్కువ.

అలాగని ‘యూ మస్ట్ పే’ అని రాస్తే గద్దించినట్టుంటుంది. దానికి మంచి దారి ఉంది. మనిషిని వదిలి పని మీద షరతు పెట్టాలి: ‘టు గో లైవ్ ఆన్ జూన్ 25, వి మస్ట్ హ్యావ్ ద ఫొటోస్ బై జూన్ 5. ఇఫ్ దే కమ్ లేటర్, ద లాంచ్ డేట్ విల్ మూవ్ బై ద సేమ్ నంబర్ ఆఫ్ డేస్.’ డబ్బు దగ్గర మస్ట్ కూడా అక్కర్లేదు: ‘పేమెంట్ ఈజ్ డ్యూ వితిన్ 15 డేస్ ఆఫ్ ద ఇన్‌వాయిస్ డేట్.’ మర్యాదా చెడలేదు, లెక్కా తేలింది.

ఇక షల్. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చదువుకున్నవారికి ‘ఐ, వి’ పక్కన షల్ అంటే మామూలు భవిష్యత్తు, విల్ అంటే సంకల్పం. ఒప్పంద పత్రాల్లో షల్ అంటే బాధ్యత. అందుకే ‘వి షల్ ప్రొవైడ్ సపోర్ట్’ను ఒకరు మాటివ్వడంగా, మరొకరు జరగబోయేది చెప్పడంగా చదవొచ్చు. ఈ గందరగోళం వల్లే అమెరికా ఫెడరల్ సివిల్ విధివిధానాలను 2007లో తిరగరాసినప్పుడు షల్‌ను తీసేసి, చాలాచోట్ల మస్ట్ పెట్టారు. మన సుప్రీంకోర్టు కూడా చట్టంలో షల్ ఉన్నంత మాత్రాన ప్రతిసారీ తప్పనిసరి కాదని 1957లోనే, మన్‌బోధన్ లాల్ కేసులో చెప్పింది.

నా మట్టుకు, ఈమెయిల్లో షల్ అవసరమే లేదు. సంతకాల పత్రం విడిగా ఉంటే అందులోని షల్‌ను కదపకండి. ఉత్తరంలో మాత్రం మన మాటకు విల్ చాలు: ‘వి విల్ ఫిక్స్ బగ్స్ ఫ్రీ ఫర్ 30 డేస్ ఆఫ్టర్ లాంచ్.’ పనీ గడువూ రాశారు గనుక ఇది అంచనా అనడానికి సందు లేదు. నిజంగా అంచనాయే చెప్పదలిస్తే ‘వి ఎక్స్‌పెక్ట్’ అనండి. అప్పుడు దాన్ని మాటిచ్చారని పట్టుకోవడం ఎవరికైనా కష్టం.

ఏ కోర్టూ ఒక్క మాటను పట్టుకుని తీర్పు చెప్పదు, ఉత్తరాలన్నీ చదివి ఇద్దరి ఉద్దేశం చూస్తుంది. అయితే కోర్టుదాకా పోయే స్తోమత చిన్న సంస్థకు ఉండదు. అందుకే పంపే ముందు ఆ ఈమెయిల్లో షుడ్ ఎక్కడెక్కడుందో వెతకండి. ప్రతిచోటా ఎవరు, ఎప్పటిలోగా, చేయకపోతే ఏమవుతుంది అన్నవి రాసి, ఆ తర్వాతే పంపండి.