అరగంట ముందు మోగితే ఏం లాభం?

పోయిన నెలలో ఓ సోమవారం. మా అత్తగారికి షుగరు పరీక్ష. "పరగడుపున రావాలమ్మా, పది గంటలపాటు మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోకూడదు" అని డాక్టరుగారు మరీ మరీ చెప్పి, ఉదయం 9 గంటలకు రక్తం ఇవ్వడానికి రమ్మన్నారు. మర్చిపోతానేమోనని అక్కడే నిలబడి ఫోన్లోని క్యాలెండరులో రాసుకున్నాను. ఇంక నాకేం భయం, ఫోనే గుర్తుచేస్తుందిలే అనుకున్నాను.

గుర్తుచేసింది కూడా! సోమవారం సరిగ్గా 8.30కి ఫోను టింగుమంది. అప్పటికి మా అత్తగారు రెండు ఇడ్లీలు తిని, కాఫీ కూడా పూర్తిచేశారు. మేముండేది ఉప్పల్‌లో, వెళ్లాల్సింది పంజాగుట్టకి. ఆ వేళప్పుడు ఆటోలో 50 నిమిషాలకి తక్కువ పట్టదు.

"ఏమ్మా, ఆ చెప్పేదేదో రాత్రే చెప్పొద్దూ నీ ఫోను?" అన్నారు అత్తగారు. నాకేం చెప్పాలో తోచలేదు. పరీక్ష వారం వెనక్కి పోయింది.

తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. మీ ఫోన్లోనూ అదే తప్పు ఉండి ఉండవచ్చు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మనం అడగని అరగంట

క్యాలెండరులో ఏదైనా పని రాసి, ఎప్పుడు గుర్తుచేయాలో మనం చెప్పకపోతే, ఫోను తనకు ముందే చెప్పి ఉంచిన లెక్క ప్రకారం మోగుతుంది. గూగుల్ క్యాలెండరులో సాధారణంగా అది 30 నిమిషాల ముందు. ఆఫీసులో మీటింగుకి పక్క గదిలోకి వెళ్లేవాళ్లకి అరగంట చాలా ఎక్కువ. మనకి మాత్రం చీర కట్టుకోవడానికే చాలదు.

ఈ లెక్కను మార్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ క్యాలెండరు తెరిచి, ఎడమవైపు పైన ఉన్న మూడు గీతలు నొక్కండి. కిందికి జరిపితే Settings ఉంటుంది. అందులో మీ ఈమెయిలు పేరు కింద Events అన్నది నొక్కితే Default notifications కనిపిస్తుంది. అక్కడ ఉన్న 30 నిమిషాలను నొక్కి, మీకు నచ్చినంత పెట్టుకోండి. నేను 2 గంటలు పెట్టాను. మీ ఫోను తెలుగులో ఉంటే మాటలు మారతాయి కానీ, చోటు అదే.

ఐఫోన్ ఉన్నవాళ్లు ఫోను Settings లోకి వెళ్లి Calendar తెరవాలి. కొత్త ఫోన్లలో అది Apps అనే దాని లోపల ఉంటుంది. అక్కడ Default Alert Times లో పుట్టినరోజులకి, మామూలు పనులకి, రోజంతా ఉండే పనులకి వేరువేరుగా పెట్టుకోవచ్చు.

ఇక్కడో చిన్న తేడా ఉంది, గమనించండి. గూగుల్ క్యాలెండరులో ఈ లెక్క మారిస్తే, మనం చెయ్యి పెట్టని పాత పనులన్నిటికీ కొత్త లెక్కే వస్తుంది. ఐఫోన్లో అలా కాదు, ఆ తర్వాత రాసినవాటికే వర్తిస్తుంది. పాతవి ఒక్కొక్కటిగా తెరిచి మార్చుకోవాల్సిందే.

ఒక పనికి ఎన్ని గంటలు కొట్టాలి?

అందరికీ ఒకే లెక్క పెడితే మాత్రం అన్ని పనులూ సాగుతాయా? పాప సంగీతం క్లాసు పక్క వీధిలోనే. దానికి 2 గంటల ముందు మోగితే విసుగొచ్చి నొక్కేస్తాం, అసలు వేళకి మర్చిపోతాం. అందుకని ముఖ్యమైన పనికి దానికి తగ్గట్టు విడిగా పెట్టుకోవాలి. మా అత్తగారి పరీక్షనే తీసుకుని లెక్క కడదాం రండి.

రక్తం ఇవ్వాల్సింది 9 గంటలకి. చీటీ రాయించుకోవడానికి పావుగంట ముందుండాలి, అంటే 8.45. ప్రయాణం 50 నిమిషాలు, అంటే 7.55కి ఆటో ఎక్కాలి. ఆవిడ మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగి, ఆటో దొరికేసరికి ఇంకో పది నిమిషాలు. అంటే 7.45కి ఇంటికి తాళం పడాలి. 9 గంటల పని కాస్తా 7.45 పని అయింది చూశారా?

ఇప్పుడు మనకు కావలసినవి మూడు గంటలు. మొదటిది, ముందు రోజు రాత్రి 8కి. "తొమ్మిదిలోపు భోజనం కానిచ్చేయండి అత్తయ్యా" అని చెప్పడానికి. అప్పుడు ఉదయానికి పన్నెండు గంటల ఉపవాసం ఉంటుంది, డాక్టరుగారు చెప్పిన పది గంటలూ దాటతాయి. రెండోది, ఉదయం 6.30కి. ఆవిడ అలవాటుగా కాఫీ అడిగే వేళ అది. మూడోది 7.45కి, బయల్దేరడానికి.

గూగుల్ క్యాలెండరులో ఆ పనిని తెరిచి, పెన్సిలు గుర్తు నొక్కితే Add notification కనిపిస్తుంది. అది నొక్కి, చివర ఉండే Custom ఎంచుకోండి. అక్కడ అంకె మనమే వేసుకోవచ్చు, నిమిషాలో గంటలో రోజులో చెప్పవచ్చు. రాత్రి 8కి కావాలంటే 13 గంటలు. 6.30కి కావాలంటే 150 నిమిషాలు. 7.45కి 75 నిమిషాలు. ముందునుంచీ ఉన్నది అక్కర్లేకపోతే పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయండి. ఒక పనికి ఇలా అయిదు వరకూ పెట్టుకోవచ్చు కానీ, మూడు దాటితే మనమే పట్టించుకోం.

ఇంకో కిటుకు. ఫోను మోగినప్పుడు తెరమీద కనబడేది ఆ పనికి మనం పెట్టిన పేరే. నేను మొదటిసారి "హాస్పిటల్" అని ఊరుకున్నాను. ఇప్పుడు "అత్తయ్య రక్తపరీక్ష, పరగడుపు, కాఫీ వద్దు" అని రాశాను. పొద్దున్న ఆ గంట కొట్టినప్పుడు నేను స్నానంలో ఉన్నా, మావారు చూసి కాఫీ గ్లాసు వెనక్కి తీసుకున్నారు.

దారి లెక్క ఎవరు చూస్తారు?

ఐఫోన్లో పని రాసేటప్పుడు Travel Time అని ఒకటి ఉంటుంది. అందులో ప్రయాణానికి ఎంత పడుతుందో ఎంచుకుంటే, ఆ తర్వాత గంట లెక్క పని వేళనుంచి కాకుండా బయల్దేరే వేళనుంచి సాగుతుంది. మన 9 గంటల పరీక్షకి ప్రయాణం 1 గంట అని పెట్టి, దానికి 15 నిమిషాల ముందు Alert పెడితే 7.45కే మోగుతుంది. ఇంకొకటి కావాలంటే దాని కిందే Second Alert ఉంటుంది. రాత్రి 8కి మాత్రం "భోజనం తొమ్మిదిలోపు" అని వేరే పనిగా రాసుకోవడం తేలిక.

అదే ఐఫోన్లో Default Alert Times కింద Time to Leave అనే మీట కూడా ఉంది. అది వేసి ఉంచితే, దారిలో రద్దీని చూసి ఇక బయల్దేరమని ఫోనే చెబుతుంది. అయితే రెండు షరతులు. మనం ఎక్కడున్నామో చూసుకునేందుకు ఫోనుకి అనుమతి ఉండాలి. పని రాసేటప్పుడు చిరునామాను ఫోను చూపించే జాబితాలోంచే ఎంచుకోవాలి. "డాక్టరుగారి దగ్గర" అని రాస్తే పాపం దానికేం తెలుస్తుంది? పైగా ఆటో కోసం నిలబడే పది నిమిషాలూ, మెట్లు దిగే కాలమూ దాని లెక్కలోకి రావు. అవి మనం కలుపుకోవాల్సిందే.

గూగుల్ క్యాలెండరులో పని రాసేచోట ఈ ప్రయాణం గడి లేదు. అందుకే పైన చెప్పినట్టు మనమే లెక్క కట్టాలి. ఎంత పడుతుందో తెలియని చోటైతే గూగుల్ మ్యాప్స్‌లో దారి తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, చేరాల్సిన రోజూ వేళా పెట్టి చూడండి. రాత్రి తొమ్మిదింటికి ఖాళీ రోడ్డు మీద చూపించే సమయాన్ని నమ్మి పొద్దున్నే బయల్దేరారో, దారిలోనే ఉండిపోతారు. తక్కువా ఎక్కువా రెండు అంకెలు చూపిస్తే, ఎక్కువదాన్నే తీసుకోండి.

రోజంతా ఉండే పనులతో జాగ్రత్త

ఫీజు కట్టే ఆఖరు తేదీ, పెళ్లిరోజు లాంటివి All day అని రాస్తాం. వీటికి గంట లెక్క వేరే ఉంటుంది. ఐఫోన్లో ఆ రోజు ఉదయం 9కి గానీ, ఒకటి రెండు రోజులు లేదా వారం ముందు గానీ పెట్టుకోవచ్చు. గూగుల్లోనూ మామూలు పనుల లెక్క దీనికి వర్తించదు, కింద విడిగా పెట్టాలి. ఆఖరు తేదీ ఉన్న పనికి రెండు రోజుల ముందు మోగేలా పెట్టండి. 9 గంటల డాక్టరు పనిని మాత్రం ఎప్పుడూ All day అని రాయకండి. మీరు ఆస్పత్రిలో ఉండాల్సిన వేళకి ఇంట్లో గంట మోగుతుంది!

మోగకపోతే?

అన్నీ పెట్టినా కొన్ని ఫోన్లు నోరు మెదపవు. నిజంగా మోగుతుందో లేదో తెలుసుకోవడానికి రెండు నిమిషాల పరీక్ష ఉంది. ఇప్పుడు 4 గంటలైందనుకోండి. 4.10కి ఒక దొంగ పని రాసి, 8 నిమిషాల ముందు గుర్తుచేయమనండి. ఫోను పక్కన పెట్టి కూరలు తరుక్కోండి. 4.02కి మోగితే సరే. మోగకపోతే ముందు ఫోను సైలెంటులో గానీ Do Not Disturb లో గానీ ఉందేమో చూడండి. లేదంటే ఫోను Settings లో క్యాలెండరు ఆప్‌కి Notifications అనుమతి ఉందేమో చూడండి. అదీ ఉంటే బ్యాటరీ పొదుపు కోసం ఫోను ఆ ఆప్‌ను నిద్రపుచ్చుతోందేమో చూసి, దాన్ని ఆపండి.

మోగినా అది ఒక్కసారి టింగుమని ఊరుకుంటుంది, అలారంలా మనం లేచేదాకా మోగదు. మిక్సీ తిరుగుతుంటే వినపడదు. అందుకని తెల్లవారుజామున రైలు అందుకోవాలంటే క్యాలెండరుతోపాటు అలారం కూడా పెట్టుకోండి.

మరో మాట. గూగుల్ క్యాలెండరులో మావారిని కూడా ఆ పనికి పిలిచాను కదా, ఆయన ఫోనూ 7.45కే మోగుతుందనుకున్నాను. అలా జరగదు. ఎవరి గంటలు వాళ్లవే. నేను పెట్టినవి నా ఫోన్లోనే మోగుతాయి, ఆయన ఫోన్లో ఆయన లెక్కే. అందుకని ఆయన ఫోను తెరిపించి, అందులోనూ 75 నిమిషాలు పెట్టించాను.

వారం తర్వాత రెండోసారి వెళ్లాం. 8.40కల్లా అక్కడున్నాం. రక్తం ఇచ్చి బయటికి రాగానే అత్తగారు అడిగిన మొదటి మాట: "ఇప్పుడైనా కాఫీ తాగొచ్చా, లేక నీ ఫోన్ని అడగాలా?"