రెండోసారి కుక్క కరిస్తే రెండు సూదులే ఎందుకు?

నరసన్నపేట చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఒక మనిషిని వీధికుక్క రక్తం వచ్చేలా కరిచిందనుకోండి. గాయాన్ని ధారగా పడే నీటికింద సబ్బుతో పావుగంటసేపు కడగాలి. ఆసుపత్రిలో ఆ రోజే మొదటి రేబిస్ టీకా వేస్తారు. ఆ రోజును సున్నాగా లెక్కబెట్టి 3వ, 7వ, 28వ రోజుల్లో మళ్లీ రమ్మంటారు. చర్మం తెగి రక్తం వచ్చింది కాబట్టి గాయంలోకి, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కిస్తారు. ఆ కోర్సు పూర్తిచేసిన మనిషినే అయిదేళ్ల తర్వాత ఇంకో కుక్క కరిచిందనుకుందాం. గాయం కడగడంలో మార్పు లేదు. సూదులు మాత్రం రెండే, ఒకటి ఆ రోజు, ఇంకొకటి 3వ రోజు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమే లేదు. కుక్క మారింది, కాటు కొత్తది, వైరస్ మాత్రం అంతే ప్రాణాంతకమైనది. అయినా వైద్యం సగానికి తగ్గిపోయింది. మొదటి కోర్సు ఆ శరీరంలో ఏదో మిగిల్చి వెళ్లిందని నమ్మకం లేకపోతే ఏ డాక్టరూ ఇంత ధైర్యం చెయ్యడు. ఆ మిగిలినది ఏమిటో తెలిస్తే టీకాల మీద మనం తరచూ వినే సందేహాల్లో చాలావాటికి జవాబు దొరుకుతుంది.

మిగిలింది యాంటీబాడీలే అనుకుంటాం. నిజానికి అవి అంతకాలం నిలవవు. మన రక్తంలో ఎక్కువగా ఉండే రకం యాంటీబాడీ మూడు వారాలకు సగమైపోతుంది. కొత్తవి తయారవుతూ ఉంటేనే మట్టం నిలబడుతుంది. నిలిచేవి కణాలు. టీకా చేతికి పడగానే అక్కడ కాపలా తిరిగే కణాలు ఆ పదార్థాన్ని మింగి, చంకలోని లింఫ్ గ్రంథికి మోసుకుపోతాయి. కొన్ని టీకాల తర్వాత చంకలో బిళ్ల కట్టినట్టు అనిపించడం అందుకే. ఆ గ్రంథిలో లక్షల బీ కణాలుంటాయి. ఒక్కోటీ ఒక్కో ఆకారాన్ని మాత్రమే పట్టుకోగలదు. వచ్చిన పదార్థానికి ఏ కొన్ని కణాలు కాస్తో కూస్తో సరిపోతాయో అవి, సహాయక టీ కణాల అనుమతి దొరికాక, వేగంగా పెరగడం మొదలుపెడతాయి. పెరిగే ప్రతి తరంలోనూ వాటి పట్టులో చిన్న చిన్న మార్పులు వస్తాయి. పట్టు గట్టిపడినవి బతుకుతాయి, సడలినవి చచ్చిపోతాయి. వారాల తరబడి సాగే ఈ ఏరివేతలోంచి రెండు రకాల పంట వస్తుంది. ఒక రకం కణాలు వెంటనే యాంటీబాడీలు కుమ్మరిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం త్వరలోనే చనిపోయినా, కొన్ని ఎముక మజ్జలో చేరి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. రెండో రకం జ్ఞాపక కణాలు. ఇవి యాంటీబాడీలు చెయ్యవు, ఊరికే తిరుగుతూ ఎదురుచూస్తాయి. వంశధార ఆయకట్టులో రైతు తిండిగింజలను వేరుగా, విత్తనాలను వేరుగా దాచినట్టే ఇది. యాంటీబాడీలు తిండిగింజలు, తిన్నకొద్దీ తరిగిపోతాయి. జ్ఞాపక కణాలు విత్తనాలు. తిండిగింజలు అయిపోయాయని చూసి ఆ ఇంట్లో విత్తనాలు కూడా లేవనుకోకూడదు.

మొదటి కాటుకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎందుకో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. విత్తనమే లేని శరీరం సొంతంగా పంట తీయడానికి కనీసం వారం పైనే పడుతుంది. ఆ వారం గడవడానికి బయటినుంచి తెచ్చిన యాంటీబాడీలు అరువు ఇస్తున్నాం. రెండోసారి విత్తనం ఉంది, రెండు డోసులు దాన్ని లేపితే చాలు, కొద్ది రోజుల్లోనే పంట చేతికొస్తుంది.

సూదితో వేసే టీకాలన్నీ సరుకు పట్టుకెళ్లేది ఇలాంటి లింఫ్ గ్రంథికే. తేడా ఏమిటంటే, అక్కడికి ఏం తీసుకెళ్తాయి, ఎంత హెచ్చరికతో తీసుకెళ్తాయి అన్నదే. పరాయి పదార్థం కనబడినంత మాత్రాన శరీరం జ్ఞాపకం పెట్టుకోదు. మనం రోజూ తినే తిండి కూడా పరాయిదే. పరాయిదనంతో పాటు ప్రమాద సంకేతం కూడా ఉండాలి. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు వేసే తట్టు–రూబెల్లా టీకాలో బలహీనపరచిన బతికున్న వైరస్ ఉంటుంది. అది శరీరంలో కొంచెం పెరుగుతుంది, కణాల్లోకి దూరుతుంది, కొన్ని రోజులపాటు సరుకు అందిస్తూనే ఉంటుంది. ప్రమాద సంకేతం దానిలోనే ఉంది. సోకిన కణాలను చంపే టీ కణాలకు కూడా తర్ఫీదు దొరుకుతుంది. అందుకే జ్ఞాపకం దశాబ్దాలు నిలుస్తుంది. అయితే బతికి ఉండడమే దాని బలహీనత కూడా. తల్లినుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ రక్తంలో ఇంకా ఉంటే వైరస్‌ను పెరగనివ్వవు. ఆరో వారంలో కాకుండా తొమ్మిదో నెల దాకా ఆగడం అందుకే. అప్పటికీ కొందరు బిడ్డల్లో ఆ డోసు పట్టదు. ఏడాదిన్నర ప్రాయంలో వేసే రెండో డోసు ముఖ్యంగా వాళ్ల కోసమే, పాత జ్ఞాపకాన్ని తట్టిలేపడం కోసం కాదు. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవారికి ఈ రకం టీకాలు వెయ్యరు.

రేబిస్ టీకా నిర్జీవ రకం. వైరస్‌ను కణాల్లో పెంచి, రసాయనంతో చంపి, శుభ్రపరచి ఇస్తారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే అభయ్‌రాబ్ ఇలాంటిదే. అదే నగరంలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్ కూడా ఈ కోవలోదే. చచ్చిన వైరస్ రోగం తేలేదు, పెరగనూ లేదు. కాబట్టి ఒక్క డోసుతో పని అవదు, చాలాసార్లు ప్రమాద సంకేతం కోసం ఉత్తేజక పదార్థాన్నీ కలపాలి. చంపే పద్ధతిలోనూ చాలా జాగ్రత్త కావాలి. 1963–67 మధ్య అమెరికాలో ఫార్మాలిన్‌తో చంపిన తట్టు టీకా వేశారు. దాన్ని వేయించుకున్న పిల్లల్లో కొందరికి తర్వాత అసలు తట్టు సోకినప్పుడు జబ్బు వింత రూపంలో, మరింత తీవ్రంగా వచ్చింది. ఆ టీకా నేర్పింది పట్టు చాలని యాంటీబాడీలను. తప్పుడు జ్ఞాపకం కొన్నిసార్లు జ్ఞాపకం లేకపోవడం కన్నా చెడ్డది. ఆ టీకాను ఉపసంహరించారు.

వైరస్ మొత్తం ఎందుకు, శరీరం గుర్తుపట్టాల్సిన ముక్క ఒక్కటి చాలదా అన్న ఆలోచనలోంచి సబ్‌యూనిట్ టీకాలు వచ్చాయి. 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌నుంచి విడుదల చేసిన హెపటైటిస్ బి టీకా మన దేశంలో జన్యుసాంకేతికతతో తయారైన మొదటి టీకా. వైరస్ పైపొర ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువును ఈస్ట్ కణంలో పెట్టి ఆ ప్రోటీన్‌ను పండిస్తారు. అందులో వైరస్ జన్యుపదార్థం లేనే లేదు, కాబట్టి జబ్బు వచ్చే ప్రశ్నే ఉండదు. ప్రోటీన్ ఒంటరిగా వెళితే గ్రంథి పట్టించుకోదు కనుక అల్యూమినియం లవణం జోడిస్తారు. బయలాజికల్ ఇ వారి కార్బెవాక్స్ కూడా ఈ దారిదే. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా ఇంకో అడుగు ముందుకు వేసి, ముక్కను పంపకుండా దాన్ని తయారుచేసే సూచనను కొవ్వు బుడగలో చుట్టి పంపుతుంది. మన కణాలే కొద్దికాలం ఆ ప్రోటీన్ చేస్తాయి. పదార్థం కణం లోపలే పుడుతుంది కాబట్టి బతికున్న వైరస్‌లాగే చంపే టీ కణాలకూ తర్ఫీదు వస్తుంది, వైరస్ మాత్రం ఎక్కడా ఉండదు. ఆ సూచన మన జన్యువుల్లో కలిసిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. అది కణకేంద్రకంలోకి వెళ్లదు, బయటే చదవబడి కొద్ది రోజుల్లో ముక్కలైపోతుంది. అమెరికాలోని మన తెలుగువారు ఎక్కువగా వేయించుకున్నది ఈ రకమే. ఇక్కడ మనకు దొరికినవి ప్రధానంగా కోవిషీల్డ్, కోవాక్సిన్.

ఇప్పుడు గట్టి అభ్యంతరానికి వద్దాం. టీకా వేయించుకున్నవాళ్లకూ కోవిడ్ వచ్చింది కదా, మరి ఆ జ్ఞాపకం ఏమైనట్టు? పరీక్షలో యాంటీబాడీలు తగ్గాయని వచ్చింది కదా, టీకా అయిపోయినట్టే కదా? దీనికి హెపటైటిస్ బి మంచి సాక్ష్యం. పసితనంలో మూడు డోసులు వేయించుకున్నవారిలో చాలామందికి పదిహేను, ఇరవై ఏళ్లు వచ్చేసరికి రక్తంలో యాంటీబాడీలు రక్షణ మట్టంగా చెప్పే 10 యూనిట్ల కన్నా కిందికి పడిపోతాయి. అలాస్కాలో 1981లో టీకా వేసినవారిని ముప్పై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే దాదాపు సగం మంది ఆ మట్టానికి కిందే ఉన్నారు. వాళ్లకు ఒక్క డోసు ఇచ్చి నెల తర్వాత చూస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి యాంటీబాడీలు మళ్లీ ఆ మట్టాన్ని దాటాయి. తిండిగింజలు అయిపోయినా విత్తనం ఉంది. ఆ విత్తనం నిజమైన వైరస్ వచ్చినప్పుడు సరిపోవడానికి ఇంకో కారణం ఉంది. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో చేరాక జబ్బుగా బయటపడడానికి సగటున రెండు మూడు నెలలు పడుతుంది. జ్ఞాపక కణాలు లేచి పంట తీయడానికి కావాల్సింది కొద్ది రోజులు. ఈ పందెంలో గెలుపు తేలికే. రేబిస్‌లో కరిచాక టీకా వేసినా బతికించగలగడానికి కారణమూ ఇదే. ఆ వైరస్ నరాల వెంట మెదడు చేరడానికి సాధారణంగా వారాలు, నెలలు తీసుకుంటుంది.

కోవిడ్ సంగతి వేరు. రెండు నుంచి అయిదు రోజుల్లోనే ముక్కు, గొంతులో వైరస్ నిండిపోతుంది. చేతికి వేసిన టీకా రక్తంలో జ్ఞాపకం నింపుతుంది గాని ముక్కు గడపలో కాపలాను అంతగా పెట్టదు. జ్ఞాపక కణాలు లేచేసరికే జలుబు, జ్వరం మొదలైపోతాయి. కాని ఊపిరితిత్తులు చెడడానికి మరో వారం పడుతుంది, ఆ లోపు అవి చేరుకుంటాయి. అందుకే టీకా జ్వరాన్ని పూర్తిగా ఆపలేకపోయినా ఐసీయూనూ చావునూ బాగా తగ్గించింది. ఇక్కడ వైరస్ తన పైభాగం మార్చుకుంటూ ఉండడం కూడా కలిసింది. జ్ఞాపకం ఉందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఆ జబ్బు జ్ఞాపకానికి ఎంత వ్యవధి ఇస్తుంది అన్నది కూడా అడగాలి.

జబ్బు వచ్చిపోతేనే గట్టి జ్ఞాపకం, టీకా ఎందుకు అన్నది ఇంకో వాదన. అందులో కొంత నిజముంది. 1846లో ఫారో దీవుల్లో తట్టు పాకినప్పుడు, 1781లో చిన్నప్పుడు తట్టు వచ్చిన వృద్ధులను అది ముట్టలేదు. అరవై అయిదేళ్ల జ్ఞాపకం అది. కాని దానికి చెల్లించే మూల్యం పెద్దది. తట్టు వైరస్ జ్ఞాపక కణాలకే సోకి వాటిని చంపుతుంది. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, టీకా వేయించుకోని నెదర్లాండ్స్ పిల్లలకు తట్టు వచ్చాక, ఇతర జబ్బులకు అంతకుముందు ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయని తేలింది. అంటే ఆ జబ్బు తనను గుర్తుంచుకోమని చెప్తూ, అదివరకు ఒళ్లు నేర్చుకున్నదాంట్లో కొంత భాగాన్ని తుడిచేస్తుంది. బలహీనపరచిన టీకా వైరస్ ఆ నష్టం చెయ్యదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వలస వెళ్లే కుటుంబాలకు ఈ జ్ఞాపకం సంగతి నేరుగా పనికొస్తుంది. పెంటావాలెంట్ రెండో డోసు దాటిపోయి, బిడ్డతో నెలల తర్వాత ఊరికి తిరిగొచ్చినవాళ్లు మళ్లీ మొదటినుంచి వెయ్యాలేమోనని వెనకాడుతుంటారు. అక్కర్లేదు. జ్ఞాపక కణాలు అలాగే ఎదురుచూస్తున్నాయి, ఆగిన చోటినుంచే కొనసాగించవచ్చు. ఆలస్యంలో అసలు నష్టం, డోసు పడేదాకా బిడ్డకు పూర్తి రక్షణ లేకపోవడం. డోసుల మధ్య ఉండాల్సిన నాలుగు వారాల గడువు కన్నా ముందే తొందరపడి వేస్తే మాత్రం గ్రంథిలో ఏరివేత ఇంకా సాగుతుండగానే మరో డోసు వచ్చి పడుతుంది, ప్రతిస్పందన బలహీనపడవచ్చు. కుక్క కరిచాక వేసే రేబిస్ టీకాలో మాత్రం ఈ సడలింపు లేదు. అక్కడ వైరస్ అప్పటికే నరం వెంట నడుస్తూ ఉండవచ్చు కాబట్టి 3వ రోజు అంటే 3వ రోజే.