షవర్మా తిని 16 ఏళ్ల బాలిక మృతి.. చెరువత్తూర్ కేసులో ల్యాబ్ రిపోర్టులు ఏం తేల్చాయి? ఏం తేల్చలేవు?

హోటల్‌లో తిన్న పలువురు ఆస్పత్రి పాలయ్యారంటే చాలు.. కుళ్లిన చికెన్ అని ఒకరు, మయోనైజ్ అని ఇంకొకరు చెప్పేస్తుంటారు. అసలు కారణం మాత్రం ల్యాబ్‌లోనే తేలుతుంది. అది ఎలాగో కేరళలోని చెరువత్తూర్ ఘటన చూస్తే అర్థమవుతుంది.

ఏం జరిగింది?

కాసరగోడ్ జిల్లా చెరువత్తూర్‌లో ఓ కూల్‌బార్‌లో షవర్మా తిన్న 16 ఏళ్ల బాలిక 2022 మే 1న చనిపోయింది. అక్కడే తిన్న మరికొన్ని పదుల మంది వాంతులు, విరేచనాలు, జ్వరంతో ఆస్పత్రుల్లో చేరారు. అధికారులు షాపు మూసేశారు. షాపు నిర్వాహకుల్లో ఒకరిని, షవర్మా తయారు చేసే వ్యక్తిని పోలీసులు అరెస్ట్ చేశారు.

మొదట పేషెంట్ల శాంపిల్స్

చికిత్స పొందుతున్న వారి నుంచి తీసుకున్న శాంపిల్స్‌లో షిగెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. జబ్బు ఏంటో దీంతో తెలిసింది. కానీ అది షవర్మా నుంచే వచ్చిందని ఈ ఒక్క రిపోర్టుతో చెప్పలేం. ఎందుకంటే షిగెల్లా కలుషిత నీటి వల్ల కూడా వస్తుంది, ఒకరి నుంచి ఇంకొకరికీ అంటుకుంటుంది.

అందుకే షాపులో తీసిన శాంపిల్స్ కీలకమయ్యాయి. కొన్ని రోజులకు ఆ ఫలితాలను కేరళ ఆరోగ్య మంత్రి వీణా జార్జ్ ప్రకటించారు. చికెన్ షవర్మాలో సాల్మొనెల్లా, షిగెల్లా రెండూ ఉన్నాయి. మిరియాల పొడిలో సాల్మొనెల్లా ఉంది. పేషెంట్లలో ఉన్న క్రిమే తిండిలోనూ దొరికింది కాబట్టి అనుమానానికి బలం వచ్చింది.

ఈ రెండు పేర్లు ఏం చెబుతున్నాయి?

సాల్మొనెల్లా కోళ్లలో, గుడ్లలో మామూలుగానే ఉండే క్రిమి. వండిన చికెన్‌లో అది కనిపించిందంటే ముక్క లోపలిదాకా ఉడకలేదని అనుకోవాలి. లేదంటే ఉడికాక పచ్చిమాంసం కోసిన కత్తో, చెక్కో, చెయ్యో తగిలి ఉండాలి. షవర్మాలో ఈ ముప్పు ఎక్కువ. కడ్డీకి గుచ్చిన చికెన్ పైపొర కాలుతుంది గానీ లోపల పచ్చిగానే ఉంటుంది. రద్దీ టైమ్‌లో తొందరపడి లోతుగా కోస్తే సగం ఉడికిన ముక్కలు రోటీలోకి వెళ్లిపోతాయి.

షిగెల్లా కథ వేరు. అది ప్రధానంగా మనుషుల పేగుల్లోనే బతుకుతుంది, కోడి నుంచి వచ్చేది కాదు. తిండిలో అది ఉందంటే మనిషి మలం ఏదో దారిలో.. అంటే సరిగా కడగని చేతుల ద్వారానో, కలుషిత నీటి ద్వారానో.. అక్కడికి చేరినట్లే. చాలా కొద్ది సంఖ్యలో క్రిములు చాలు, మనిషి పడిపోవడానికి.

ఇక మిరియాల పొడి. కూరలో వేసి ఉడికిస్తే క్రిములు చస్తాయి. తయారైన తిండిపై చల్లితే మాత్రం బతికే లోపలికి వెళ్తాయి.

రిపోర్టు చెప్పలేనిది

ఆ క్రిమి ఎవరి చేతి నుంచి వచ్చింది, ఏ రోజు చేరింది అనేది ఈ పరీక్షల్లో తేలదు. తిన్నవాళ్లంతా చివరిగా తిన్న షవర్మానే కారణం అనీ చెప్పలేం. సాల్మొనెల్లా లక్షణాలు సాధారణంగా 6 గంటల నుంచి 3 రోజుల్లో, షిగెల్లావి ఎక్కువగా ఒకటి రెండు రోజుల్లో కనిపిస్తాయి. అందుకే అధికారులు గత మూడు రోజుల్లో ఏం తిన్నారని అడుగుతారు. ఒక్కోసారి అసలు తిండి అప్పటికే అయిపోయి ఉంటుంది. మర్నాడు తీసిన శాంపిల్ బాగానే వచ్చినా ముందురోజు తిండి బాగుందని అర్థం కాదు.

తర్వాత ఏం మారింది?

షవర్మా తయారీపై కేరళ ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. కోసిన ముక్కలను మళ్లీ వేడి చేయాలని, పార్సిల్‌పై తయారీ సమయం రాయాలని చెప్పింది. 2023 జనవరిలో పచ్చి గుడ్ల మయోనైజ్‌ను నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోస్ తిని ఓ మహిళ చనిపోయి, పలువురు అస్వస్థతకు గురయ్యాక తెలంగాణ కూడా 2024 అక్టోబర్ 30న ఇదే నిషేధాన్ని ఏడాది పాటు విధించింది.

మీకూ ఇలా జరిగితే..

మిగిలిన తిండి పారేయొద్దు. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బిల్లు దాచండి. ఏ టైమ్‌కి తిన్నారు, ఎప్పుడు వాంతులు మొదలయ్యాయి అనేది రాసుకుని డాక్టర్‌కు చెప్పండి. నీరసం రాకుండా ఓఆర్ఎస్ తాగుతూ ఉండాలి. విరేచనాల్లో రక్తం, తీవ్ర జ్వరం ఉన్నా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఫిర్యాదుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ నంబర్ 1800-112-100.